చంకలో పిల్లాడు, ఒంటిచేత్తో ఫోన్: బటన్లా, గెస్చర్లా?

ప్రశ్న: ఫోన్లో కింద ఉండే మూడు బటన్లు మేలా, గెస్చర్లు మేలా? నేను ఎక్కువగా ఒక్క చేత్తోనే వాడతాను.

ఏ చేత్తోనో చెప్పలేదు మీరు. తేడా అంతా అక్కడే వస్తుంది.

మా చిన్నోడు చంకెక్కాడంటే దిగడు. మామూలుగా ఎడమ పక్కన వాడు, కుడిచేతిలో ఫోన్. అలా ఉన్నంతకాలం బటన్లతో నాకే ఇబ్బందీ లేదు. ఒకసారి వాడికి జ్వరమొస్తే మందుల షాపుకి తీసుకెళ్లాను. ఎడమ భుజం లాగేస్తోందని వాణ్ని కుడి పక్కకి మార్చుకుని ఫోన్ ఎడమచేతిలోకి తీసుకున్నాను. డాక్టర్ చీటీ వాట్సాప్‌లో ఉంది. అది చూపించి, వెనక్కొచ్చి, డబ్బులు కట్టే యాప్ తెరవాలి. నా ఫోన్లో Back కుడి చివర ఉంటుంది. ఎడమ బొటనవేలు అక్కడిదాకా వెళ్లాలంటే ఫోన్‌ని అరచేతిలో పైకి జరిపి, వేలు అడ్డంగా చాపాలి. చాపాను. బరువంతా పైకి పోయి ఫోన్ చిటికెన వేలి మీంచి జారింది, కౌంటర్ అద్దం మీద దబ్బున పడింది. లైన్లో వెనకున్నాయన నిట్టూర్చాడు. షాపాయనే నయం, "ముందు బాబుని ఇక్కడ కూర్చోబెట్టమ్మా, డబ్బులెక్కడికి పోతాయి" అన్నాడు.

ఆ రాత్రే గెస్చర్లకి మారాను. గెస్చర్లలో Back అంటే అంచు నుంచి లోపలికి వేలు లాగడమే. ఎడమ అంచైనా సరే, కుడి అంచైనా సరే. పైగా అంచులో దాదాపు ఎక్కడ లాగినా పలుకుతుంది కాబట్టి ఫోన్‌ని నడుమ పట్టుకుని, బొటనవేలు ఉన్నచోటే పని కానివ్వొచ్చు, పట్టు మార్చక్కర్లేదు. రోజంతా మనం ఎక్కువసార్లు నొక్కేది Back నే, Home కాదు. అందుకే పెద్ద ఫోన్, ఒక్క చెయ్యి అంటే నా ఓటు గెస్చర్లకే. Home కి మాత్రం కింద నుంచి పైకి తోయాలి, దానికి వేలు కిందికి దించక తప్పదు.

అలాగని బటన్లని పూర్తిగా వదల్లేదు. ఫొటో క్రాప్ చేసేటప్పుడు గెస్చర్లతో ప్రాణం విసుగెత్తిపోతుంది. ఆధార్ కార్డు ఫొటో మూల పట్టుకుని లాగుతుంటే ఫోన్ దాన్ని Back అనుకుని బయటికి తీసుకుపోతుంది. ఒక అప్లికేషన్ సగం నింపాక ఇలాగే మొత్తం పోయింది, మళ్లీ పుట్టినతేదీ నుంచి మొదలు. ఇక్కడో కిటుకుంది. Back పడబోతుంటే అంచున చిన్న బాణం గుర్తు కనిపిస్తుంది. అది కనిపించగానే వేలు ఎత్తకుండా మళ్లీ అంచు వైపే వెనక్కి జరిపితే రద్దయిపోతుంది. పిక్సెల్ ఫోన్లలో అయితే ఎడమ, కుడి అంచులకి విడివిడిగా సెన్సిటివిటీ తగ్గించుకోవచ్చు. ఏ అంచు వాడరో దాన్ని తగ్గించేస్తే సగం గొడవ వదులుతుంది.

ఫారాలు నింపే పనీ, దోసెల పిండి చేతుల పనీ ఉన్న రోజు బటన్లకే మారిపోతాను. తడి వేలితో లాగడం కంటే నొక్కడమే నయం. మార్చడం పెద్ద పనేం కాదు. శామ్‌సంగ్‌లో Settings, Display, Navigation bar. అక్కడ Buttons గానీ Swipe gestures గానీ ఎంచుకుంటే అప్పటికప్పుడే మారుతుంది, ఫోన్ ఆపి ఆన్ చేయక్కర్లేదు. దారి గుర్తులేకపోతే Settings లో పైన navigation అని వెతకండి. మీరు ఎడమచేతి వాటమై, బటన్లు వదలలేకపోతే అక్కడే బటన్ల వరస తిప్పుకోండి, Back ఎడమకి వచ్చేస్తుంది. స్క్రీన్ పై భాగం అందకపోతే Advanced features లో One-handed mode ఉంది. బటన్లు ఉంటే Home రెండుసార్లు గబగబా నొక్కడం, గెస్చర్లు ఉంటే కింది అంచు మధ్యలో కిందికి లాగడం. స్క్రీన్ మొత్తం చిన్నదై ఓ పక్కకి వస్తుంది. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లూ వాడరు.

గెస్చర్లు పలకట్లేదని ఫోన్‌ని తిట్టేవాళ్లు ముందు కవర్ తీసి చూడండి. అంచులు ఎత్తుగా ఉండే ఆ మందపాటి రబ్బరు కవర్లు వేలిని స్క్రీన్ అంచుదాకా పోనివ్వవు, వేలు కాస్త లోపలే ఆగుతుంది. ఫోన్ అది మామూలు స్క్రోల్ అనుకుంటుంది. అసలు ఇంతింత ఫోన్లు ఎవరడిగారో! చిన్న ఫోన్ కావాలని షాపుకెళ్తే ఎగాదిగా చూస్తారు.

ఒక్కటి మాత్రం చెయ్యకండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లో అడక్కుండా మార్చకండి. మా తమ్ముడు సరదాకి మా అత్తయ్య ఫోన్ గెస్చర్లలోకి మార్చి ఊరెళ్లిపోయాడు. ఆవిడ "బటన్లు ఊడిపోయాయమ్మా" అని రిపేరు షాపుకి వెళ్లింది, వాళ్లు చక్కగా డబ్బులు తీసుకుని తిరిగి పెట్టి పంపారు.