రిపోర్టింగ్ మారుతోందని టీమ్‌కి ఎలా చెప్పాలి?

“వచ్చే నెల నుంచి మా టెస్టింగ్ టీమ్‌లో నలుగురు వేరే మేనేజర్ కిందికి వెళ్తున్నారు. వాళ్లు టెన్షన్ పడకుండా మెయిల్ ఎలా రాయాలి?”

ముందు ఆ నలుగురితో విడివిడిగా మాట్లాడండి. మెయిల్ చూసి తెలుసుకుంటే, ఎంత బాగా రాసినా నమ్మరు. తర్వాత నేరుగా విషయంలోకి రండి:

“అక్టోబర్ 1 నుంచి మీ నలుగురూ ప్రోడక్ట్ మేనేజర్‌కి రిపోర్ట్ చేస్తారు. బగ్‌లు రెండు టీమ్‌ల మధ్య తిరిగి రిలీజ్ ఆలస్యమవుతోంది, అందుకే ఈ మార్పు. జీతం, హోదా మారవు. సెప్టెంబర్ దాకా చేసిన పనికి రేటింగ్ నేనే రాసిస్తాను. సెలవులు ఇకపై ఆయన అప్రూవ్ చేస్తారు. సీటింగ్ ఇంకా తేలలేదు, 10వ తేదీలోగా చెప్తాను.”

అందరూ మొదట వెతికేది ఆ రేటింగ్ వాక్యాన్నే. “ఎవరి ఉద్యోగమూ పోదు” అని మాత్రం హెచ్‌ఆర్ ఖాయంగా చెప్తేనే రాయండి.