అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్ ఎంతవరకు సురక్షితం?

ప్రశ్న: నా పాత ఆండ్రాయిడ్ ఫోన్ బాగానే పనిచేస్తోంది, కానీ అప్‌డేట్లు రావట్లేదు. ఎందుకు? వాడితే ప్రమాదమా?

చాలాసార్లు అసలు కారణం చిప్ దగ్గర ఉంటుంది. కెమెరా, మోడెమ్ లాంటివాటిని నడిపే డ్రైవర్లు అనే సాఫ్ట్‌వేర్‌ను చిప్ కంపెనీయే రాస్తుంది. అది కొన్నేళ్లకు వాటిని సరిచేయడం ఆపేస్తే, ఫోన్ కంపెనీ ఒక్కటే ఆ పని చేయడం కష్టం, ఖర్చు కూడా.

సపోర్ట్ ఆగిన రోజే ఫోన్ పాడైపోదు. కానీ ఆ తర్వాత బయటపడే లోపాలు అందులో అలాగే ఉండిపోతాయి. కొత్త ఫోన్ల కోసం విడుదలయ్యే ప్యాచ్‌ని, అంటే లోపాన్ని సరిచేసే కోడ్‌ని, చదివితే లోపం ఎక్కడుందో దాడి చేసేవాళ్లకూ తెలిసిపోతుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే.

2020 ఫిబ్రవరిలో సరిచేసిన CVE-2020-0022 అనే బ్లూటూత్ లోపం చూడండి. ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లలో బ్లూటూత్ ఆన్‌లో ఉంటే చాలు, దగ్గర్లో ఉన్నవాళ్లు మనం ఏమీ నొక్కకుండానే ఫోన్‌లో తమ కోడ్ నడపగలిగేవాళ్లు. ఆ ప్యాచ్ అందని ఫోన్లలో ఆ దారి ఇప్పటికీ తెరిచే ఉంది.

సెట్టింగ్స్‌లో Android security update తేదీ చూడండి. ఏడాది దాటితే ఆ ఫోన్‌లో బ్యాంకు యాప్‌లు వద్దు. బ్రౌజర్ విడిగా అప్‌డేట్ అవుతూనే ఉండొచ్చు, కానీ అది డ్రైవర్లలోని లోపాలను పూడ్చలేదు.