పక్కింట్లో చావైతే వంటలు ఎట్లా పంచుకోవాలి

అమెరికా వచ్చి నాలుగు నెలలే అయిన ఒక చెల్లె అడిగింది, పక్కింటి తెలుగు వాళ్ల నాన్న పోయారట, అందరం వండి పంపుదామనుకుంటున్నాం, ఎట్లా మొదలుపెట్టాలక్కా అని. మా మిర్యాలగూడ దిక్కు అయితే ఎవరూ చెప్పక్కర్లేదు, చావు ఇంట్లో పొయ్యి ముట్టించరు కాబట్టి వాడకట్టు వాళ్లే అన్నం, పప్పు గిన్నెలు పట్టుకొస్తారు. ఇక్కడ ఎవరు ఏం తెస్తున్నారో ఇంకొకరికి తెలియదు.

మా వీధిలో దేవరకొండ వాళ్ల ఇంట్లో పెద్దాయన పోయినప్పుడు మొదటి రెండు రోజుల్లోనే ఐదు ట్రేల పులిహోర వచ్చింది. ఉన్నది ఏడుగురు, ఫ్రిజ్‌లో చోటు లేక సగం పారబోశారు. పెద్దకర్మ అయి చుట్టాలు వెళ్లిపోయాక మాత్రం ఎవరూ ఏమీ తేలేదు, ఆ అక్క పిల్లలకు బ్రెడ్ పెట్టి పడుకోబెట్టిందని తర్వాత తెలిసి నాకు చాలా బాధేసింది.

అందుకే ముందు ఒక్కరే బాధ్యత తీసుకోండి. దుఃఖంలో ఉన్నవాళ్లను కాకుండా వాళ్ల మరదలినో దగ్గరి స్నేహితుడినో అడగండి: ఎంతమంది తింటారు, పెద్దకర్మ దాకా నీసు ముట్టరా, ఉల్లి, వెల్లుల్లి తింటారా, ఎవరికైనా పల్లీలో జీడిపప్పో పడవా. తర్వాత గూగుల్ షీట్‌లో తేదీ, పేరు, వంట రాసి అందరికీ పంపండి. వంట పేరు తప్పకుండా రాయించండి, లేకపోతే మళ్లీ పులిహోరే వస్తుంది. రోజు విడిచి రోజు చాలు, మూడు వారాల దాకా సాగదీయండి, ఎందుకంటే అసలు అవసరం రెండో వారం తర్వాతే.

మళ్లీ వేడి చేస్తే బాగుండేవి టమాటా పప్పు, పాలకూర పప్పు, సాంబారు, గుత్తివంకాయ కూర. చపాతీలు ఫాయిల్‌లో చుట్టి ఇస్తే ఓవెన్‌లో మెత్తగానే ఉంటాయి. వేపుళ్లు మెత్తబడతాయి, జొన్నరొట్టె గట్టిపడుతుంది, వాటిని వదిలేయండి. పచ్చిపులుసుకైతే వేడి చేసే పనే లేదు, అలసిన మనిషికి అది చాలా హాయి. ఏడుగురికి ఒక పూటకు రెండు కప్పుల కందిపప్పు, నాలుగు కప్పుల బియ్యం సరిపోతాయి.

అన్నం విషయంలో మాత్రం జాగ్రత్త. వండిన అన్నం గంటల కొద్దీ బయట ఉంటే, మళ్లీ వేడి చేసినా పోని విషం తయారవుతుంది. అందుకే రెండు గంటల లోపే వెడల్పు డబ్బాల్లో పలుచగా సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి, తినేముందు కాసిని నీళ్లు చిలకరించి మూతపెట్టి పొగలొచ్చేదాకా వేడి చేయాలి. కూరలు కూడా మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి.

డబ్బాలు తిరిగి అడగక్కర్లేనివే వాడండి. అల్యూమినియం ట్రే ఓవెన్‌కే, మైక్రోవేవ్‌లో పెట్టవద్దని, వండిన తేదీ, వేడి చేసే పద్ధతి మూత మీద మార్కర్‌తో రాయండి. సాయంత్రం అయిదున్నరకు ఐస్ ప్యాక్‌లు వేసిన కూలర్‌ను గుమ్మం దగ్గర పెట్టి, బెల్ కొట్టకుండా మరదలికి మెసేజ్ పెట్టి వచ్చేయండి.