క్లోరిన్ కనిపిస్తోంది, అయినా నీటిలో బ్యాక్టీరియా ఎందుకు?

ప్రశ్న: మా నీటి పథకంలో ఇసుక ఫిల్టర్ ఉంది, రోజూ బ్లీచింగ్ పౌడర్ ద్రావణం కూడా కలుపుతున్నాం. కుళాయి దగ్గర క్లోరిన్ 0.6 చూపిస్తోంది. అయినా ల్యాబ్ రిపోర్ట్‌లో ఈ.కోలి వచ్చింది. క్లోరిన్ పెంచాలా, ఇసుక మార్చాలా?

ఇప్పుడప్పుడే రెండూ చేయకండి. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి, దానికి అరగంట చాలు.

ట్యాంకుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న కుళాయి దగ్గర శుభ్రమైన సీసాను అదే నీటితో నాలుగైదు సార్లు కడిగి, నిండా పట్టండి. అందులోంచి కొంచెం నీరు తీసి వెంటనే ఫ్రీ క్లోరిన్ చూడండి. మిగతా సీసాకు మూత బిగించి నీడలో పెట్టి, సరిగ్గా 30 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. మా పథకంలోనూ అచ్చం మీకు వచ్చిన ఇబ్బందే వచ్చింది. అప్పుడు మేం చూస్తే మొదట 0.6 ఉన్నది అరగంటకు 0.2కు పడిపోయింది. అంటే కుళాయి దాకా వచ్చిన నీటిలో క్లోరిన్ తన పని ఇంకా పూర్తి చేయలేదు. అక్కడి మలినాలతో, సూక్ష్మజీవులతో దాని పని అప్పుడే మొదలైంది. మనం చూసే రీడింగ్ ఆ క్షణంలో ఎంత క్లోరిన్ మిగిలి ఉందో మాత్రమే చెబుతుంది. అది నీటిలో ఎంతసేపు ఉందో చెప్పదు. ఈ తేడా నాకు అర్థం కావడానికి రెండు చెడ్డ రిపోర్టులు పట్టాయి.

ఒక జాగ్రత్త. నీరు పసుపు రంగుకు తిరిగే పాత రకం కిట్ అయితే అది మొత్తం క్లోరిన్ చూపిస్తుంది, అమ్మోనియాతో కలిసి బలం తగ్గిన క్లోరిన్ కూడా అందులో లెక్కకొస్తుంది. గులాబీ రంగు వచ్చే డీపీడీ మొదటి నంబరు మాత్రతోనే చూడండి, అది ఫ్రీ క్లోరిన్ చూపిస్తుంది.

ఇక సమయం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత ఇది: పీహెచ్ 8 లోపు ఉండాలి, క్లోరిన్ కలిపాక కనీసం 30 నిమిషాలు గడవాలి, ఆ తర్వాత కూడా లీటరుకు 0.5 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్ మిగలాలి. చివరి కుళాయి దగ్గర 0.2 కంటే తగ్గకూడదు. మిగిలిన క్లోరిన్‌ను నిమిషాలతో గుణిస్తే 0.5 × 30 = 15 వస్తుంది. నీటి పనివాళ్లు దీన్నే సీటీ విలువ అంటారు. మా కుళాయి దగ్గర 0.6 ఉంది కాబట్టి సగం లెక్క సరిపోయింది. నిమిషాల సగాన్ని ఎవరూ చూడలేదు.

మా ఏర్పాటు ఇలా ఉండేది. ఫిల్టర్ నుంచి వచ్చే నీరు కింద 25,000 లీటర్ల సంపులో చేరుతుంది. ఉదయం, సాయంత్రం మోటారు దాన్ని గంటకు 10,000 లీటర్ల చొప్పున ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కిస్తుంది. ద్రావణాన్ని పైన ట్యాంకులో, నీరు పడే చోట చుక్కలుగా వదిలేవాళ్లం. కుళాయిలు తెరిచి ఉన్న వేళ ట్యాంకులో సుమారు 6,000 లీటర్లు ఉండేవి, ఎక్కే నీరు, దిగే నీరు సమానంగా ఉండేవి. కాగితం మీద 6,000ను 10,000తో భాగిస్తే 36 నిమిషాలు, బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ నీరు ట్యాంకంతా తిరిగి రాదు, దగ్గరి దారి వెతుక్కుంటుంది. మా ట్యాంకులో పైనుంచి పడే పైపు, కింద బయటికి పోయే పైపు ఒకే మూలన ఉన్నాయి. అడ్డుగోడలు లేని ఇలాంటి ట్యాంకులో లెక్కకొచ్చే సమయం కాగితం లెక్కలో పదోవంతే అని తీసుకోవాలి. అంటే 3.6 నిమిషాలు. దాన్ని 0.6తో గుణిస్తే 2.2, కావలసింది 15.

ఇది నమ్మబుద్ధి కాక ఉప్పుతో చూశాం. ఉప్పును చాలా నీటిలో పల్చగా కరిగించి, ఆపకుండా సన్నటి ధారగా నీరు పడే చోట వదిలాం. చిక్కగా ఉంటే అడుగుకు దిగిపోయి లెక్క తప్పుతుంది. ఒకరు పైన ఉప్పునీరు వదులుతుంటే, నేను కింద బయటికి వచ్చే నీటిలో టీడీఎస్ మీటర్ పెట్టి గడియారం చూస్తూ కూర్చున్నాను. నాలుగు నిమిషాలు కాకుండానే అంకె కదిలింది. ఆ తర్వాత క్లోరిన్ ఇంకా పోద్దామన్న మాట మా దగ్గర ఎవరూ ఎత్తలేదు. నాలుగు నిమిషాల్లో 15 రావాలంటే దాదాపు 4 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఆ వాసనకు జనం ఆ నీరు వదిలేసి, ఏ పరీక్షా లేని వేరే నీటికి పోతారు.

మందు వేసే చోటు మార్చడమే మాకు పరిష్కారమైంది. నీరు పరుగెత్తే ట్యాంకులో కాకుండా, గంటల తరబడి నిలిచే సంపులో, ఫిల్టర్ నీరు సంపులోకి దిగే పైపు దగ్గర ద్రావణం పడేలా పెట్టాం. దీనివల్ల ఇంకో మేలు జరిగింది. మోటారు నీరు వస్తుంది, ఆగుతుంది. ఫిల్టర్ నీరు మాత్రం రాత్రీ పగలూ ఒకే వేగంతో వస్తుంది. కాబట్టి చుక్కల వేగాన్ని ఒకసారి సరిచేస్తే చాలు. సంపు మధ్యలో, ఒక చివర మాత్రమే తెరిచి ఉండేలా ఒక గోడ కట్టించి, నీరు దిగే చోటుకు దూరంగా గోడకు అవతల మోటారు పీల్చే పైపు పెట్టాం.

రాత్రంతా నిలిచిన నీటి గురించి దిగులు లేదు. మోటారు ఆపే ముందు సంపులో నీరు తగ్గినప్పుడే ప్రమాదం, కాబట్టి ఆ ఘడియకే లెక్క వేయాలి. మేం 12,000 లీటర్ల గీత దగ్గర మోటారు ఆపుతాం. 12,000 లీటర్లకు గంటకు 10,000 అంటే 72 నిమిషాలు. ఒక్క గోడే ఉంది కాబట్టి అందులో 0.3 వంతు మాత్రమే నమ్మాలి, అంటే సుమారు 21 నిమిషాలు. సంపులో మిగిలిన క్లోరిన్ 0.8 ఉంచితే 21 × 0.8 దాదాపు 17 అవుతుంది. ఇంతకుముందు సంపు అడుగు కనిపించేదాకా తోడేవాళ్లం, ఆ అలవాటు మానడమే అన్నిటికన్నా కష్టమైంది.

ఆ 0.8 మిగలాలంటే ఎంత వేయాలి? అది మీ నీరే చెప్పాలి, ఇంకొకరి మోతాదు మీకు పనికిరాదు. ఒక శాతం ద్రావణం, అంటే లీటరుకు 10 గ్రాముల క్లోరిన్ ఉండేది, తయారు చేసుకోండి. 20 లీటర్ల ఫిల్టర్ నీరు పట్టిన ప్లాస్టిక్ బకెట్లు మూడు పెట్టి, సిరంజితో 2, 4, 6 మిల్లీలీటర్లు వేయండి. అవి లీటరుకు 1, 2, 3 మిల్లీగ్రాముల మోతాదు అవుతాయి. కలిపి, మూతపెట్టి, 30 నిమిషాలకు ఫ్రీ క్లోరిన్ చూడండి. మాకు మొదటి బకెట్‌లో ఏమీ మిగల్లేదు, రెండో దాంట్లో 0.8, మూడో దాంట్లో 1.8 మిగిలింది. అంటే మా నీరే 1.2 తినేస్తోంది, కాబట్టి మోతాదు 2.

మా ఫిల్టర్ 3 మీటర్లు పొడవు, 3 మీటర్లు వెడల్పు. నెమ్మది ఇసుక ఫిల్టర్‌లో నీరు గంటకు 0.1 నుంచి 0.2 మీటర్ల వేగంతో దిగాలి. మాది 0.15, అంటే గంటకు 1,350 లీటర్లు. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున గంటకు 2.7 గ్రాముల క్లోరిన్ కావాలి, అది ఒక శాతం ద్రావణంలో 270 మిల్లీలీటర్లు, నిమిషానికి 4.5. కొలిచే గ్లాసు పెట్టి రెండు నిమిషాలు పడితే 9 మిల్లీలీటర్లు రావాలి. ఇలా రోజుకు ఆరున్నర లీటర్ల ద్రావణం పడుతుంది. పౌడర్‌లో 25 శాతం క్లోరిన్ ఉంటే దానికి 260 గ్రాములు కలపాలి. పౌడర్‌ను నీటిలో వేయాలి గాని పౌడర్ మీద నీళ్లు పోయకండి, ముక్కుకు, కళ్లకు రక్షణ ఉండాలి. సున్నం అడుగున పేరుకున్నాక పైతేట మాత్రమే డ్రమ్‌లోకి వంచుకోండి, లేకపోతే చుక్కల పైపు రెండు రోజుల్లో మూసుకుపోతుంది. డ్రమ్‌లో మట్టం తగ్గేకొద్దీ చుక్కల వేగమూ తగ్గుతుంది. అందుకే అడుగున పైపు పెట్టకుండా, ద్రావణం మీద తేలే గిన్నెకు రంధ్రం చేసి అందులోంచి గొట్టం తీశాం. సంచి తెరిచిన పౌడర్ తేమకు, ఎండకు బలం కోల్పోతుంది. కాబట్టి కొత్త సంచి తెరిచినప్పుడల్లా, పాతది నెల దాటినప్పుడల్లా బకెట్ల పరీక్ష మళ్లీ చేస్తాం.

ఇసుక మార్చాలా అన్నారు. ఫిల్టర్ నుంచి వచ్చే నీరు తేటగా ఉంటే మార్చకండి. నెమ్మది ఫిల్టర్‌లో సగం పని చేసేది ఇసుక పైన పట్టే జిగురు పొర, అందులోని సూక్ష్మజీవులే వ్యాధికారక క్రిములను తింటాయి. క్లోరిన్‌ను ఎప్పుడూ ఫిల్టర్ తర్వాతే వేయాలి, ముందు వేస్తే ఆ పొర చచ్చిపోతుంది. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మీద తాగునీటి మోతాదు క్లోరిన్ దాదాపు పనిచేయదు, దాన్ని ఆపేది ఫిల్టరే. జియార్డియాకు కూడా 15 చాలదు, దానికి ఎన్నో రెట్లు కావాలి.

ఒక్కటి మాత్రం మీ రికార్డులో చూడండి: ఈ.కోలి వచ్చిన నమూనాకు కొద్ది రోజుల ముందు ఫిల్టర్ గీకారా? నీరు దిగడం మందగించినప్పుడు పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక గీకి తీస్తాం కదా, దాంతో పాటే పొరా పోతుంది. అది మళ్లీ పట్టడానికి కొన్ని రోజులు పడుతుంది, చలి ఉంటే ఇంకా ఎక్కువ. మేం గీకాక మొదటి రోజుల నీటిని బయటికి వదిలేస్తాం. మసక 1 ఎన్‌టీయూ లోపుకు వచ్చి, బకెట్ పరీక్షలో నీరు తినే క్లోరిన్ మామూలు స్థాయికి దిగాకే సంపులోకి మళ్లిస్తాం. ఒకసారి గీకిన మర్నాడే మళ్లిస్తే 2 మిల్లీగ్రాముల మోతాదుకు ఏమీ మిగల్లేదు.

మార్పులు చేశాక ల్యాబ్‌కు పంపేటప్పుడు, థయోసల్ఫేట్ వేసి ఇచ్చే సీసానే అడిగి తీసుకోండి. అది నమూనాలోని క్లోరిన్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. మామూలు సీసాలో పంపితే దారి పొడవునా క్లోరిన్ పనిచేస్తూనే ఉంటుంది, రిపోర్ట్ శుభ్రంగా వస్తుంది. కానీ మొదటి ఇంటివాళ్లు తాగే నీరు అది కాదు. మా మొదటి కుళాయి దగ్గర సీసా పరీక్షలో ఇప్పుడు 0.6 ఉన్నది అరగంటకు 0.5 దగ్గర ఆగుతోంది.