వరిగడ్డికి యూరియా పట్టించేటప్పుడు, అబ్బాయికి

ఒరేయ్ అబ్బాయ్, మిషన్ కోత గడ్డిని గేదెలు ముట్టడం లేదని రాశావు. యూరియా పట్టిస్తే పనికొస్తుంది, కానీ బూజు పట్టిన గడ్డిని మాత్రం వేరు చెయ్, దాన్ని ఏ మందూ బాగుచెయ్యదు.

నీ రెండు గేదెలూ రోజుకి పన్నెండు కిలోలు తింటాయనుకుందాం. 250 కిలోల వాము వేస్తే ఇరవై రోజులు వస్తుంది. దానికి పది కిలోల యూరియా, 125 లీటర్ల నీళ్లు, అంటే వంద కిలోల గడ్డికి నాలుగు కిలోలు. మొత్తం ఒకేసారి కలపకు, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. కింద పట్టా పరిచి, కట్టలు విప్పి పాతిక కిలోలు పరుచు, కిలో యూరియాని పన్నెండున్నర లీటర్లలో పూర్తిగా కరిగించి మొక్కలకి పోసే క్యాన్‌తో అంతటా చల్లు, కాళ్లతో గట్టిగా తొక్కు. ఇలా పది వరసలు. కలిపిన బకెట్ వెంటనే కడిగెయ్, ఆ నీళ్లు గేదె తాగితే ప్రాణం మీదకొస్తుంది.

ఆపైన పట్టా కప్పి, అంచుల మీద మట్టి వేసి నొక్కెయ్. అసలు పని ఇక్కడే ఉంది. తడి గడ్డిలో యూరియా అమ్మోనియాగా మారి, గట్టి పీచుని వదులు చేస్తుంది, గాలి బయటికి పోతే ఆ అమ్మోనియా పోతుంది, లోపల బూజు మిగులుతుంది. పట్టాకి ఎలక బొక్క పడిందేమో రోజూ చూసుకో.

మూడు వారాలు ముట్టుకోకు. తెరిచినప్పుడు ముక్కు మండేంత ఘాటు రావాలి, గడ్డి మెత్తబడి ముదురు గోధుమ రంగుకి తిరగాలి. ఘాటు లేకుండా ముక్కిపోయిన వాసన వస్తే గాలి దూరినట్టే, బూజు ఉన్నంత మేర తీసి పారెయ్. పూటకి సరిపడా తీసి, మళ్లీ కప్పి, తీసినదాన్ని నీడలో గంటసేపు ఆరబెట్టి వెయ్యి. మొదట్లో మామూలు గడ్డిలో కొంచెం కలిపి, వారంలో మెల్లగా పెంచు. ఆరు నెలల్లోపు దూడలకి వద్దు.

మాంసకృత్తులు మామూలు గడ్డిలో మూడు నాలుగు శాతమే, దీంట్లో ఏడు దాకా వస్తాయి. అలాగని దాణా మానెయ్యకు, పాలిచ్చే గేదెకి ఇది చాలదు. తవుడు, ఖనిజ లవణ మిశ్రమం, దొరికితే గుప్పెడు పచ్చిగడ్డి కూడా ఉండాలి, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచు. గేదె వణుకుతూ, నురగ కక్కుతూ, పొట్ట ఉబ్బితే గడ్డి ఆపేసి వెంటనే పశువుల డాక్టర్‌కి ఫోన్ చెయ్.

మొదటి వాము తెరిచిన రోజే రెండోది వెయ్యి, ఇది అయిపోయేసరికి అది తయారవుతుంది.