అప్లై చేయకముందే ఒక పూట ఆఫీసుకెళ్లి పని చూస్తానంటే

ప్రశ్న: "వైజాగ్‌లో ఒక కంపెనీకి అప్లై చేద్దామనుకుంటున్నాను. దానికి ముందు ఒకరోజు వచ్చి పని ఎలా ఉంటుందో చూస్తానని మేనేజర్‌ని అడగొచ్చా? తప్పుగా అనుకుంటారా?"

అడగొచ్చు, నేను అడిగాను. కానీ హెచ్ఆర్‌ని మాత్రం అడక్కండి. "పోర్టల్‌లో అప్లై చేయండి మేడమ్" అనడం తప్ప వాళ్లకి ఇంకో మాట రాదు. రేపు మీరు ఎవరి కింద పని చేయాలో ఆయన్నే అడగాలి.

నేను పూర్ణా మార్కెట్ దగ్గర ఒక హోల్‌సేల్ షాపులో ట్యాలీ చూసేదాన్ని. వన్‌టౌన్‌లో ఒక కస్టమ్స్ ఏజెంట్ ఆఫీసులో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ పోస్టు ఉందని తెలిసింది. ప్రకటనలో "ఫ్రెషర్లు కూడా" అని పైన రాసి, "మూడేళ్ల అనుభవం" అని కింద రాశారు. ఇలాంటివి ఎవరు రాస్తారో గానీ, వాళ్లని ఒకసారి చూడాలని ఉంది. సరే, అక్కడి మేనేజర్ నంబరు సంపాదించి ఇలా మెసేజ్ పెట్టాను: "సార్, మీ పోస్టుకి అప్లై చేద్దామనుకుంటున్నాను. ముందు ఒక్క మధ్యాహ్నం మీ టీమ్ పక్కన కూర్చుని చూడనిస్తారా? సిస్టమ్ ముట్టుకోను, ఫోన్ బ్యాగులోనే ఉంచుతాను. మీకు వీలైన రోజు చెప్పండి."

సిస్టమ్ ముట్టుకోను, ఫోన్ తీయను అన్న ఆ మాటే పని చేసిందని నా నమ్మకం. ఆ ఆఫీసుల్లో ఎగుమతిదారుల ఇన్వాయిస్‌లు, రేట్లు, ఎవరు ఎవరికి అమ్ముతున్నారో అన్నీ టేబుల్ మీదే ఉంటాయి. కస్టమ్స్ పోర్టల్‌లో వేసేది ఆఫీసు లాగిన్‌తో, డిజిటల్ సంతకంతో. బయటి మనిషి వస్తానంటే వాళ్లకి పుట్టే మొదటి భయం అదే. పోర్టు లోపలికి తీసుకెళ్లమని మాత్రం అడక్కండి. పాస్ లేకుండా గేటు దాటనివ్వరు, మొదటి మాటకే ఆయనతో కుదరదనిపించుకోవడం దేనికి?

"బుధవారం రెండింటికి రండమ్మా, గురువారం కటాఫ్ ఉంది, అసలు రంగు కనిపిస్తుంది" అన్నారు. కటాఫ్ అంటే ఆ టైము దాటితే కంటైనర్ ఆ ఓడ ఎక్కదు.

నాలుగింటి దాకా ఏమీ లేదు. టైపింగే కదా, ట్యాలీ కన్నా సులువు అనుకున్నాను. తర్వాత రొయ్యల కంటైనర్ నంబరు ఒకటి సిస్టమ్ తీసుకోనంది. కంటైనర్ నంబరులో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. చివరి అంకెని ముందున్నవాటి నుంచి లెక్కగట్టి వేస్తారు కాబట్టి మధ్యలో ఒక అంకె తప్పు కొట్టినా దాదాపు ఎప్పుడూ దొరికిపోతుంది. డ్రైవర్ ఫోన్‌లో చెప్తుంటే ఆఫీసులో ఒక అబ్బాయి మూడుని ఎనిమిది అని రాసుకున్నాడు. "ఏటి బాబూ, నంబరున్న తలుపు ఫొటో పెట్టమంటే ఎప్పుడూ పెట్టవేటి?" అని సీనియర్ మేడమ్ డ్రైవర్ మీద అరిచారు. ఫొటో వచ్చేసరికి ఇరవై నిమిషాలు. ఈలోగా రొయ్యల కంపెనీవాళ్ల ఫోన్లు: లోపల సరుకు మైనస్ పద్దెనిమిదిలో ఉండాలి, బండి ఎంతసేపు నిలబెడతారని. అప్పుడు అర్థమైంది, ఇది టైపింగ్ ఉద్యోగం కాదు, ఫోన్లో తిట్లు తింటూ అంకెలు తప్పు రాయకుండా ఉండే ఉద్యోగం. ఏ ఇంటర్వ్యూలోనూ నాకు ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు.

ఇక "ట్రయల్ డే" అన్నారనుకోండి, అది వేరే కథ. అంతకుముందు ఇంకో ఆఫీసులో ట్రయల్ అని నాతో మూడు రోజులు పాత బిల్లులు ఎక్కించుకుని, "చెప్తామమ్మా" అన్నారు. ఇప్పటికీ చెప్పలేదు. తేడా కనిపెట్టడం తేలికే. డమ్మీ ఫైలు ఇచ్చి చేయమంటే పరీక్ష. నిజమైన పార్టీ ఫైలు ఇచ్చి సాయంత్రంలోగా కావాలంటే అది పని, దానికి డబ్బులు అడగాలి. అందుకే నేను "చూస్తాను" అనే అడుగుతాను, "చేస్తాను" అనను. మా మరిది ఒప్పుకోడు, చేసి చూపిస్తేనే ఉద్యోగం ఇస్తారంటాడు. ఆయన చేసేది సొంత వ్యాపారం.

ఆ రోజు నేను బయటికొచ్చేసరికి ఎనిమిదిన్నర. మెట్ల దగ్గర ఆ సీనియర్ మేడమ్ వాళ్లాయనకి ఫోన్ చేసి, "ఓల్డ్ పోస్టాఫీస్ దగ్గరికి వచ్చీయండి, ఇంకో గంట పడుతుంది" అంటున్నారు. వారం తర్వాత అప్లై చేశాను. ఇంటర్వ్యూలో జీతం మాట రాకముందే, కటాఫ్ రోజుల్లో రాత్రి ఇంటికి క్యాబ్ ఇస్తారా అని అడిగాను. మేనేజర్ నవ్వి, "బుధవారం చూసిపోయారు కదా" అని దాన్ని ఆఫర్ లెటర్‌లో రాయించారు. నేను చేరిన నెల నుంచి ఆ మేడమ్‌కీ ఇస్తున్నారు.