‘గ్యాస్’ అంటే ఎక్కడమ్మా?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది. నెల కిందట నా దగ్గరికి వచ్చింది. అప్పట్నుంచీ గ్యాస్ ట్రబుల్ అంటోంది. ఇక్కడి డాక్టరుకు తెలుగు రాదు, నేనే మధ్యలో ఉండి చెప్పాను. గ్యాస్ మాత్రలు రాశారు, తగ్గలేదు. ఈసారి ఎలా చెప్పాలి?

జవాబు: ముందు ఒక్క సంగతి అమ్మగారిని అడగండి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో వచ్చి, ఆగితే తగ్గుతోందా? అవునంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఇవాళే తీసుకెళ్లండి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఛాతీ పట్టేస్తున్నా, దాంతోపాటు చెమటలు, ఆయాసం ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి.

మనకు పొట్ట ఉబ్బినా గ్యాసే, తేన్పులొచ్చినా గ్యాసే, గుండెల్లో మంటైనా, ఛాతీ బిగిసినా, వీపులో పట్టేసినా గ్యాసే. తెలుగు డాక్టరైతే ‘గ్యాసంటే ఎక్కడమ్మా?’ అని అడుగుతారు. వేరే భాష డాక్టరుకు ఆ మాట తనకు తెలిసిన మాటలాగే వినిపిస్తుంది కాబట్టి పొట్ట సంగతే అనుకుని మాత్ర రాసేస్తారు. అసలు తెలియని మాటైతే ఇంకో రెండు ప్రశ్నలు అడిగేవారేమో!

ఒకప్పుడు నేను పనిచేసిన చోట తెలుగు వచ్చిన డాక్టర్ని నేనొక్కణ్ణే. ఓసారి తోటి డాక్టరు పిలిచి, ‘గ్యాస్ అంటున్నారు, మందు పనిచేయడం లేదు, మీ భాషలో ఒకసారి అడగండి’ అన్నారు. పెద్దావిడ, షుగర్ ఉంది. ఎక్కడో చెయ్యి పెట్టి చూపించమన్నాను. పొట్ట మీద పెట్టలేదు. పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో ఆనించింది. ఎప్పుడొస్తుందమ్మా అంటే, ‘మెట్లెక్కితే వస్తుంది నాయనా, మధ్యలో నిలబడి రెండు తేన్పులు తేనిస్తే పోతుంది’ అంది. పోయింది తేన్పులతో కాదు, నిలబడినందుకు. ఇసిజి మామూలుగానే ఉంది. నొప్పి లేని సమయంలో తీస్తే అలా ఉండొచ్చు, దాన్ని చూసి నిశ్చింతగా ఉండకూడదు. తర్వాతి పరీక్షల్లో గుండె రక్తనాళం పూడుకుపోయిందని తేలింది. వాళ్లబ్బాయి చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. అమ్మ అన్న మాటే అప్పజెప్పాడు. కానీ ఆ మాట ఆవిడ పడుతున్న బాధ కాదు, ఆ బాధకు ఆవిడే పెట్టుకున్న పేరు.

షుగర్ చాలాకాలం ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి గుండెనొప్పి నొప్పిలా తెలియకపోవచ్చు. బరువుగా ఉందనో, ఆయాసమనో, గ్యాసనో అంటారు.

అలాగని ప్రతి గ్యాసూ గుండెదే అని కంగారుపడక్కర్లేదు. కొన్ని షుగర్ మాత్రలే నిజంగా గ్యాస్ తెస్తాయి. మెట్‌ఫార్మిన్‌తో కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. వోగ్లిబోస్, అకార్బోస్ తిన్న పిండిపదార్థాన్ని త్వరగా అరగనివ్వవు, అది పేగుల్లో పులిసి గ్యాసవుతుంది. మాత్ర మార్చాకో, డోసు పెంచాకో మొదలైతే ముందు వీటినే అనుమానించాలి. ఇంకొందరికి నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది, ఎప్పుడో తిన్నది వాంతిలో వస్తుంది. అది షుగర్ వల్ల జీర్ణాశయం మెల్లగా ఖాళీ కావడం కావచ్చు. గుండె, మాత్రలు, జీర్ణాశయం, ఈ మూడింటికీ వైద్యం వేరు.

కాబట్టి ఈసారి గ్యాస్ అనే మాట నోట రానివ్వకండి. అమ్మగారినే వేలు పెట్టి చోటు చూపించమనండి. మంటా, బిగుతా, ఉబ్బరమా, ఎన్ని నిమిషాలుంటోంది, తిన్నాకా నడిచాకా, ఏం చేస్తే తగ్గుతోంది, ఇవి చెబితే చాలు. ఆవిడ నాలుగు వాక్యాలు చెబితే మీరు ఒక్కటిగా కుదించకండి. ఆ ‘నిలబడితే పోతుంది’ లాంటి ముక్క అక్కడే జారిపోతుంది.

‘షుగర్ ఉంది’ అన్నదీ సగం మాటే. మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి, బ్రాండు పేరు మారినా లోపలి మందు పేరు దాదాపు ఏ భాషలోనైనా ఒకటే. షుగర్ అంకె చెప్పేటప్పుడు పరగడుపునా, తిన్న రెండు గంటలకా అన్నది జతచేయండి. మీరు విదేశంలో ఉంటే కొలత కూడా చూసుకోవాలి. చాలా దేశాల్లో మన అంకెను 18తో భాగించి చెబుతారు, మన 180 అక్కడ 10.

‘షుగర్ డౌన్ అయింది’ అని అమ్మగారంటే దాన్నీ అలాగే చెప్పేయకండి. మిషన్‌తో చూశారా, లేక నీరసంగా ఉంటే అలా అనుకున్నారా అడగండి. చూసినప్పుడు మన కొలతలో 70 కన్నా తక్కువ ఉంటే ఆ అంకె, వేళ, అంతకుముందు ఎప్పుడు తిన్నారో రాసిపెట్టి చూపించండి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వాడుతుంటే, కడుపు ఉబ్బరమని భోజనం మానేసి మాత్ర మాత్రం వేసుకున్న రోజే షుగర్ పడిపోవచ్చు. ఆవిడ తిండి తగ్గించారా అన్నది కూడా డాక్టరుకు చెప్పాల్సిందే.